9 లక్షల నుంచి 12 లక్షల సీటీసీకి మారితే చేతికి పెరిగేది 2,600 రూపాయలేనా?

కిరణ్_మాదాపూర్
అందరికీ నమస్కారం. ఇప్పుడు పనిచేస్తున్న చోట నా సీటీసీ 9 లక్షలు, చేరి మూడున్నరేళ్లు దాటింది. ఇంకో కంపెనీ నుంచి 12 లక్షలకు ఆఫర్ వచ్చింది, హెచ్ఆర్ ఆమె ఫోన్‌లో "33 శాతం హైక్ ఇస్తున్నాం" అని పదే పదే చెప్పింది. ఇంట్లో కూడా నెలకు లక్ష వస్తుందనే లెక్కలో ఉన్నారు. ఆఫర్ లెటర్ చివర ఉన్న అనెక్షర్ పట్టుకుని లెక్కేస్తే తల తిరిగింది.

పాత చోట: గ్రాస్ 73,200. నా పీఎఫ్ 1,800, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోగా చేతికి 71,200. బేసిక్ 37,500. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ లేదు.

కొత్త అనెక్షర్‌లో ఏడాదికి ఇలా ఉంది:
బేసిక్ 6,00,000
హెచ్ఆర్ఏ, స్పెషల్ అలవెన్స్ కలిపి 3,60,000
కంపెనీ పీఎఫ్ వాటా 72,000
గ్రాట్యుటీ 28,860
ఇన్సూరెన్స్ (నాకు, అమ్మానాన్నలకు) 19,140
వేరియబుల్ 1,20,000
మొత్తం 12,00,000

అంటే నెల గ్రాస్ 80,000. అందులో నా వాటా పీఎఫ్ 6,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే 73,800. కొత్త రెజిమ్‌లో నాకు ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. పెరిగేది నెలకు 2,600. నా లెక్క తప్పా, లేక నిజంగానే ఇంతేనా? శుక్రవారం లోపల జవాబు చెప్పాలి.

బాబీ_గచ్చిబౌలి
లెక్క కరెక్టే బ్రో. నీ కొత్త సీటీసీని 12తో భాగించి అందులో ముప్పావు వంతు వేసుకున్నా 75 వేలు అలా వస్తుంది, దగ్గర దగ్గరగా సరిపోతుంది. కానీ అసలు సంగతి వేరే ఉంది, కంపెనీ పీఎఫ్ వాటాని సీటీసీలో కలపడమే చట్ట విరుద్ధం. అది కంపెనీ తన జేబులోంచి కట్టాలి. నీ వాటా నీ దగ్గర కోసి, వాళ్ల వాటా కూడా నీ ప్యాకేజీలోంచే తీస్తే ఇంక వాళ్లు ఇచ్చేదేంటి? పీఎఫ్ ఆఫీసులో కంప్లయింట్ పెడితే దిగొస్తారు.

శ్రావణి_పేరోల్
కిరణ్ గారూ, లెక్క సరిగ్గానే వేశారు, కానీ దాన్నుంచి 2,600 అనే ముగింపుకు రావద్దు. 33 శాతం ఎంత తప్పో 2,600 కూడా అంతే తప్పు. నేను పేరోల్‌లోనే చాలా ఏళ్లుగా ఉన్నాను, ఇలాంటి అనెక్షర్లు మా టేబుల్ మీదే తయారవుతాయి.

ముందు బాబీ గారి మాట. పీఎఫ్ చట్టం సెక్షన్ 12లో ఉన్నది ఏంటంటే, పీఎఫ్ కట్టాల్సి వస్తోందన్న కారణంతో కంపెనీ మీకు ఇస్తున్న జీతం తగ్గించకూడదు. కంపెనీ వాటాని మీ జీతంలోంచి కోయడం కూడా కుదరదు. అంతవరకు ఆయన చెప్పింది నిజం. కానీ సీటీసీ అనేది జీతం కాదు, మీ మీద ఏడాదికి మాకు ఇంత ఖర్చవుతుంది అని కంపెనీ రాసుకున్న లెక్క. చేరకముందే ఆ లెక్కలో తన వాటా చూపిస్తే దాన్ని కోత అనరు. నిజంగా తప్పు జరుగుతోందో లేదో పేస్లిప్‌లో తెలుస్తుంది. ఎడమవైపు సంపాదన కింద 86,000 చూపించి, కుడివైపు కోతల్లో పీఎఫ్ 6,000 రెండుసార్లు ఉంటే అది కంప్లయింట్ పెట్టాల్సిన కేసు. మీ అనెక్షర్‌లో అలా లేదు.

ఇక అసలు లెక్క. కొత్త చోట పీఎఫ్ మీ పూర్తి బేసిక్ మీద, అంటే 50,000 మీద 12 శాతం కోస్తున్నారు. పాత చోట చట్టం పెట్టిన 15,000 పరిమితి మీదే కోస్తున్నారు, అందుకే 1,800. కాబట్టి రెండు చోట్లా చేతికొచ్చేది మాత్రమే పోల్చకుండా, మీ పీఎఫ్ ఖాతాలో పడేది కూడా కలపండి. పాత చోట నెలకు 71,200, దాంతోపాటు రెండు వాటాలు కలిపి 3,600, మొత్తం 74,800. కొత్త చోట 73,800, దాంతోపాటు 12,000, మొత్తం 85,800. తేడా 11,000. ఏడాదికి 1,32,000. ఇది కచ్చితంగా మీకు చెందే డబ్బు, ఎవరి దయ మీదా ఆధారపడి లేదు.

పాత చోట మీకు కచ్చితంగా అందే 9 లక్షల మీద ఆ 1,32,000 వేస్తే 15 శాతానికి కాస్త తక్కువ. మీ హైక్ అది. మిగతాదంతా "వస్తే వస్తుంది" లెక్క.

కిరణ్_మాదాపూర్
థాంక్స్ శ్రావణి గారూ, ఇలా చూస్తే కొంచెం ఊపిరి ఆడింది. అయితే గ్రాట్యుటీ 28,860 కూడా నాదే కదా, అది ఎందుకు కలపలేదు? పాత ఆఫర్ లెటర్‌లో గ్రాట్యుటీ అనే మాటే లేదు, అంటే ఇక్కడ అదనంగా ఇస్తున్నట్టేగా?

రమేష్_షార్జా
తమ్ముడూ, గ్రాట్యుటీ ఏడాది నిండితే వచ్చేస్తుంది, టెన్షన్ వద్దు. నాకు ఇక్కడ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్క కడతారు, మొన్న ఒక కంపెనీ మారినప్పుడు మొత్తం సెటిల్ చేసి పంపించారు. ఐదేళ్లు దాటితే ఏడాదికి 30 రోజులు. కలుపుకో, అది నీ డబ్బే.

శ్రావణి_పేరోల్
రమేష్ గారూ, మీరు చెప్పింది యూఏఈ రూల్, ఇక్కడ అలా కాదు. ఇక్కడ పర్మినెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండాలి. ఉద్యోగి చనిపోయినా, వైకల్యం వచ్చినా మాత్రం ఐదేళ్ల నిబంధన చూడరు. ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్ట్ మీద తీసుకున్న వాళ్లకు ఏడాదికే ఇవ్వాలన్నది 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో ఉంది, కానీ కిరణ్ గారిది అలాంటి ఆఫర్ అనిపించడం లేదు.

కిరణ్ గారూ, ఎందుకు కలపలేదంటే, ఆ 28,860 ఏ నెలా మీ పేరు మీద ఎక్కడా జమ కాదు. పీఎఫ్‌కి పాస్‌బుక్ ఉంటుంది, కట్టారో లేదో మీరే చూసుకోవచ్చు. గ్రాట్యుటీకి అలాంటిదేమీ ఉండదు, అది కంపెనీ తన పుస్తకాల్లో పక్కన పెట్టుకునే మొత్తం. మీరు మూడేళ్లకు మానేస్తే మూడు ఏళ్ల సీటీసీలో కలిపి 86,580 మీకు ఇచ్చినట్టు చూపించి ఒక్క రూపాయి కూడా ఇవ్వకుండానే లెక్క ముగుస్తుంది. చట్టప్రకారం అది సబబే.

ఇంకో వైపు కూడా చూడండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. గ్రాట్యుటీ అనేది ఆఫర్ లెటర్‌లో రాస్తే వచ్చేది, రాయకపోతే రానిది కాదు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థ అయితే చట్టం ప్రకారం రావాల్సిందే. మీ పాత కంపెనీ దాన్ని సీటీసీలో చూపించలేదు, అంతే. ఐదేళ్లు నిండితే చివరి బేసిక్ 37,500ని 15తో గుణించి 26తో భాగించి, ఐదు ఏళ్లతో గుణించాలి. 1,08,173 వస్తుంది. ఇప్పుడు మానేస్తే వదులుకుంటున్నది అది. పాత చోట ఇన్సూరెన్స్ ఇస్తున్నారా?

కిరణ్_మాదాపూర్
ఇస్తున్నారు, అమ్మానాన్నలకు కూడా ఉంది. సీటీసీలో మాత్రం లేదు.

శ్రావణి_పేరోల్
చూశారా. అంటే కొత్త కంపెనీ పద్ధతిలో మీ పాత ప్యాకేజీ రాస్తే 9 లక్షలకు గ్రాట్యుటీ 21,635, ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిసి దగ్గర దగ్గర 9 లక్షల 40 వేలు అవుతుంది. ఒకరు కాటాలో గిన్నెతో సహా తూచారు, ఇంకొకరు గిన్నె తీసేసి తూచారు. 9కీ 12కీ మధ్య పోలిక పెట్టే ముందు రెండూ ఒకే పద్ధతిలో రాసుకోవాలి.

లక్ష్మి_గాజువాక
నేను వేరియబుల్ గురించి చెప్పాలి, ఎందుకంటే నేను దాంట్లో నష్టపోయాను. నా ఆఫర్‌లో వేరియబుల్ 15 శాతం ఉండేది, ఏడాదికోసారి ఇచ్చేవాళ్లు. మార్చికి ఏడాది ముగిసింది, రేటింగ్ కూడా బాగానే వచ్చింది, మే నెలలో వేరే ఉద్యోగం వచ్చి రాజీనామా పెట్టాను. వేరియబుల్ జూన్ జీతంతో వేస్తారు. వేసే రోజుకి నేను నోటీస్ పీరియడ్‌లో ఉన్నానని మొత్తం ఆపేశారు. ఏడాదంతా పని చేసింది నేను, టార్గెట్లు అందుకున్నది నేను. అడిగితే పాలసీలో ఒక లైన్ చూపించారు, "చెల్లింపు తేదీ నాటికి రోల్స్‌లో ఉండాలి, నోటీస్‌లో ఉండకూడదు" అని. ఆఫర్ లెటర్‌లో ఆ లైన్ లేదు, "కంపెనీ పాలసీ ప్రకారం" అని మాత్రం ఉంది. ఆ పాలసీ చేరాక గాని చూపించలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది.

కిరణ్ తమ్ముడూ, నీ లెటర్‌లో వేరియబుల్ పక్కన ఏం రాశారో ఒకసారి మళ్లీ చదువు.

కిరణ్_మాదాపూర్
"అప్ టు 1,20,000, కంపెనీ మరియు వ్యక్తిగత పనితీరు ఆధారంగా, కంపెనీ పాలసీ ప్రకారం" అని ఉంది అక్కా. అచ్చం అదే మాట.

శ్రావణి_పేరోల్
అప్ టు అని ఉంటే అది గరిష్ఠం అన్నమాట, మామూలుగా వచ్చేది కాదు. టార్గెట్ అని ఉంటే బాగా చేసిన ఏడాది దాన్ని దాటే అవకాశం కూడా ఉంటుంది. అప్ టు ఉంటే 1,20,000కి మించి రాదు, తగ్గడం మాత్రం ఉంటుంది.

"కంపెనీ మరియు వ్యక్తిగత" అన్న చోట ఒక ప్రశ్న అడగాలి. రెండింటినీ కూడతారా, గుణిస్తారా? చాలా చోట్ల గుణిస్తారు. కంపెనీ ఆ ఏడాది 80 శాతం ప్రకటించింది, మీకు వ్యక్తిగతంగా 90 శాతం వచ్చింది అనుకోండి. వినడానికి రెండూ బాగానే ఉన్నాయి. గుణిస్తే 72 శాతం, అంటే 86,400. మీ పని ఎంత బాగున్నా కంపెనీ అంకె సున్నా అయితే మీదీ సున్నానే. పైగా మొదటి ఏడాది మీరు ఏ నెలలో చేరారో దాన్నిబట్టి ఇస్తారు, ఏడాది చివరి మూడు నెలల్లో చేరిన వాళ్లకు ఆ ఏడాదికి అసలు ఇవ్వని పాలసీలు కూడా ఉన్నాయి.

హెచ్ఆర్‌ని ఫోన్‌లో అడగొద్దు, మెయిల్‌లో అడగండి. మీ గ్రేడ్‌లో గత రెండేళ్లు ఎంత శాతం ఇచ్చారు, ఏ నెలలో ఇస్తారు, నోటీస్‌లో ఉన్న వాళ్లకు ఇస్తారా. ఈ మూడూ చాలు. జవాబు వస్తే మీకు అంకె దొరుకుతుంది. "పాలసీ చేరాక షేర్ చేస్తాం" అన్నారంటే మీ లెక్కలో వేరియబుల్‌ని సున్నా కింద రాసుకోండి.

మూర్తి_రాజమండ్రి
నేను అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయిన వాడిని. పిల్లలందరూ చేతికొచ్చేదాని గురించే అడుగుతారు గాని, నెలకు 12,000 పీఎఫ్‌లో పడటం ఈ రోజుల్లో ఎంత మేలో ఆలోచించడం లేదు. 2024-25కి 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, బ్యాంకులో అంత ఎవరిస్తున్నారు బాబూ? చేతికి వచ్చిన డబ్బు ఈఎంఐలకే పోతుంది. పూర్తి బేసిక్ మీద కోసే కంపెనీ దొరికితే వదులుకోవద్దు.

ఇంకో విషయం, నీ పీఎఫ్ పాస్‌బుక్ ఒకసారి తెరిచి చూడు. ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ అని మూడు కాలమ్‌లు ఉంటాయి. కంపెనీ వాటాలోంచి నెలకు 1,250 పెన్షన్ కాలమ్‌లోకి వెళ్తుంటే, 12,000లో నీ పీఎఫ్ నిల్వకు చేరేది 10,750 మాత్రమే. పెన్షన్ భాగం మీద వడ్డీ జమ కాదు.

శ్రావణి_పేరోల్
మూర్తి గారు మంచి విషయం గుర్తు చేశారు. కిరణ్ గారూ, మీ మొదటి ఉద్యోగం ఇదేనా? 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరిన వాళ్లకు, చేరేనాటికే బేసిక్ 15,000 దాటి ఉంటే పెన్షన్ స్కీమ్ వర్తించదు, కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే రావాలి. పాస్‌బుక్‌లో మూడో కాలమ్‌లో సున్నాలు ఉన్నాయా, 1,250 ఉందా చూడండి. సున్నాలు ఉండాల్సిన చోట 1,250 పడుతుంటే అది మీ పాత కంపెనీ చేసిన పొరపాటు, ట్రాన్స్‌ఫర్ పెట్టినప్పుడు క్లెయిమ్ ఆగిపోవచ్చు. మానేసే ముందే సరి చేయించుకోండి, మానేశాక ఫోన్లు ఎత్తరు.

కిరణ్_మాదాపూర్
మొదటి ఉద్యోగమే. చేరినప్పుడే బేసిక్ 25 వేలు పైన. ఇప్పుడే చూశాను, పెన్షన్ కాలమ్‌లో ప్రతి నెలా 1,250 ఉంది, యజమాని వాటాలో 550 మాత్రమే!! ఇన్నాళ్లూ బ్యాలెన్స్ అంకె ఒక్కటే చూసి మూసేసేవాణ్ణి.

శ్రావణి_పేరోల్
అయితే రేపే మీ పేరోల్ వాళ్లకు మెయిల్ పెట్టండి. పెన్షన్ ఖాతా నుంచి పీఎఫ్ ఖాతాకు మార్చమని కంపెనీయే పీఎఫ్ ఆఫీసుకి రాయాలి, మీ అంతట మీరు పోర్టల్‌లో చేసుకునేది కాదు.

వెంకట్_నెల్లూరు
మూర్తి గారితో నాకు పేచీ ఉంది. 8.25 మంచిదే, కాదనను. కానీ కిరణ్‌కి అద్దె ఉంది, ఇల్లు నడపాలి, పీఎఫ్‌లో పడ్డ డబ్బు అత్యవసరంలో వెంటనే మొత్తం తీసుకోలేడు. చేరే ముందే హెచ్ఆర్‌ని పీఎఫ్ 1,800కి పరిమితం చేయమని అడగొచ్చు. చాలా కంపెనీల్లో ఆ ఆప్షన్ ఉంటుంది, చెప్పరంతే. చేరి పూర్తి బేసిక్ మీద కట్టడం మొదలయ్యాక మార్చడం కష్టం.

లెక్క చూడండి. కంపెనీ వాటా 72,000 నుంచి 21,600కి తగ్గితే మిగిలిన 50,400 స్పెషల్ అలవెన్స్‌లోకి రావాలి. గ్రాస్ 84,200 అవుతుంది. 1,800, 200 పోతే చేతికి 82,200. అంటే నెలకు 8,400 ఎక్కువ. మిగిలినది ఎక్కడ దాచుకోవాలో అతని ఇష్టం.

బాబీ_గచ్చిబౌలి
వెంకట్ అన్నా, కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక అది కుదరదు. మొత్తం జీతంలో బేసిక్ లాంటి వేతనం సగమైనా ఉండాలి, పీఎఫ్ దాని మీదే కోయాలి, అందరికీ చేతికొచ్చేది తగ్గింది. అసలైతే పీఎఫ్ మొత్తానికే వద్దని ఫారం 11 ఇచ్చేస్తే ఇంకా మంచిది.

శ్రావణి_పేరోల్
సగం నిబంధన వచ్చిన మాట నిజమే. దాని దెబ్బ ముఖ్యంగా బేసిక్ బాగా తక్కువ పెట్టిన ప్యాకేజీల మీద, ఎక్కువగా గ్రాట్యుటీ లెక్కలో పడుతుంది. పీఎఫ్‌కి తప్పనిసరి పరిమితి 15,000 అలాగే ఉంది, ఆ పరిమితి మీద కోసే వాళ్లకు చేతికొచ్చేది తగ్గదని కార్మిక శాఖ కూడా వివరణ ఇచ్చింది. కిరణ్ గారి బేసిక్ రెండు చోట్లా సీటీసీలో సగమే ఉంది కాబట్టి ఆయనకు పెద్దగా మారేదేమీ లేదు. ఫారం 11తో పీఎఫ్ వద్దనడం మాత్రం ఇంతకుముందు ఎప్పుడూ సభ్యులు కాని వాళ్లకే. ఆయనకు ఇప్పటికే యూఏఎన్ ఉంది, కుదరదు.

వెంకట్ గారి సలహాలో ఒక జాగ్రత్త. మిగిలిన 50,400 స్పెషల్ అలవెన్స్‌లోకి "రావాలి" అన్నారు. కొన్ని చోట్ల పీఎఫ్ తగ్గించమంటే సీటీసీనే ఆ మేరకు తగ్గించేస్తారు. అప్పుడు చేతికి మీ వాటాలో ఆదా అయిన 4,200 మాత్రమే పెరుగుతుంది, కంపెనీ వైపు 4,200 పోయినట్టే. అందుకని సరే అనే ముందు సవరించిన అనెక్షర్ కాగితం మీద తెప్పించుకోండి, కింద మొత్తం 12,00,000 అనే ఉందో లేదో చూడండి.

మూర్తి_రాజమండ్రి
వెంకట్ బాబూ, "ఎక్కడ దాచుకోవాలో అతని ఇష్టం" అన్నావు చూడు, నేను నా సర్వీసు అంతా చూసింది ఏంటంటే, ఆ ఇష్టం ఉన్న వాళ్లలో దాచుకున్న వాళ్లు తక్కువ. నా మాట మీదే నేనుంటాను.

వెంకట్_నెల్లూరు
గౌరవంతోనే అంటున్నాను మూర్తి గారూ, అది కిరణ్ తేల్చుకోవాల్సిన విషయం. చెల్లెలి పెళ్లి అప్పు ఉన్న మనిషికి ఒక లెక్క, లేని మనిషికి ఒక లెక్క.

రమేష్_షార్జా
ఐదేళ్లకు దగ్గరలోనే ఉన్నాడు కదా, నాలుగేళ్ల ఎనిమిది నెలలకే గ్రాట్యుటీ ఇస్తారని మా బావమరిది అంటున్నాడు. నిజమేనా?

శ్రావణి_పేరోల్
నాలుగేళ్లు నిండి ఐదో ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే ఐదేళ్లు నిండినట్టే అని మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఉంది. దాన్ని ఒప్పుకుని ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, పూర్తి ఐదేళ్లు చూపించమనే కంపెనీలూ ఉన్నాయి. ఆ లెక్కన కూడా కిరణ్ గారికి ఇంకా దాదాపు ఏడాది ఆగాలి, ఏడాదికి కచ్చితంగా పెరిగే 1,32,000 వదిలేసి 1,08,173 కోసం ఆగడం నాకైతే లాభం అనిపించదు. ఆ లక్షా ఎనిమిది వేలు చూపించి కొత్త వాళ్లను జాయినింగ్ బోనస్ అడగడం మేలు.

కిరణ్_మాదాపూర్
నిన్న మెయిల్ పెట్టాను, ఇవాళ జవాబు వచ్చింది. పీఎఫ్ 1,800 ఆప్షన్ ఉందట, సీటీసీ 12,00,000 మారదని రాసిచ్చారు, సవరించిన అనెక్షర్ రేపు పంపుతామన్నారు. వేరియబుల్ ఏటా జులైలో, నోటీస్‌లో ఉంటే ఇవ్వరు. గత రెండేళ్ల శాతం మాత్రం "గోప్యం" అన్నారు. జాయినింగ్ బోనస్ 75,000 వరకు చూస్తామన్నారు, కానీ ఏడాది లోపు మానేస్తే మొత్తం తిరిగి కట్టాలట.

పీఎఫ్ విషయం ఇంట్లో నాన్న మూర్తి గారి మాటే అంటున్నారు, నా మనసు వెంకట్ అన్న లెక్క వైపు ఉంది. శ్రావణి గారూ, ఒక్క చిన్న డౌట్. బోనస్ తిరిగి కట్టాల్సి వస్తే చేతికొచ్చిన మొత్తమే కట్టాలా, టీడీఎస్‌తో కలిపి 75,000 కట్టాలా?

శ్రావణి_పేరోల్
లెటర్‌లో గ్రాస్ అని ఉందా, నెట్ అని ఉందా చూడండి. ఏమీ రాయకపోతే మామూలుగా గ్రాసే అడుగుతారు, అంటే పూర్తి 75,000. చేరిన తేదీ నుంచి నెలల లెక్కన తగ్గించమని అడగండి, ఆరు నెలలు చేసి మానేస్తే సగమే కట్టేలా. అడిగితే ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి.

లక్ష్మి_గాజువాక
తమ్ముడూ, గత శాతం గోప్యం అన్నారు కదా. అదే టీమ్‌లో పనిచేసే వాళ్లెవరైనా తెలిస్తే అడుగు, ఇంకా రెండు రోజులు ఉంది.